ఈఎంఐ సూత్రాన్ని రాబట్టి, నెలనెలా సరిచూద్దాం

ఇంటి కోసం రూ.30 లక్షల అప్పు తీసుకున్నారనుకుందాం. వడ్డీ ఏడాదికి 9 శాతం, గడువు 20 ఏళ్లు. అసలు P = 30,00,000, నెలలు n = 240, నెల వడ్డీ రేటు r = 0.09/12 = 0.0075. ఏడాది రేటును 12తో భాగిస్తే చాలు, పన్నెండో మూలం తీయనక్కర్లేదు.

నెల తిరిగేసరికి బాకీ మీద వడ్డీ పడుతుంది, మనం వాయిదా E కడతాం. ఈఎంఐలో జరిగేదంతా ఇదే. మొదటి రెండు నెలల చివర మిగిలే బాకీ:

```
B1 = P(1+r) - E
B2 = P(1+r)^2 - E(1+r) - E
```

రెండో వరుస చూడండి: మొదటి వాయిదా కూడా అసలులాగే ఒక నెల వడ్డీ సంపాదించుకుంది. ఇలాగే సాగి n నెలల తర్వాత బాకీ సున్నా కావాలి:

```
P(1+r)^n = E[1 + (1+r) + ... + (1+r)^(n-1)]
```

కుండలీకరణంలోది గుణశ్రేఢి. దాని మొత్తం S అనుకుని (1+r)తో గుణించి, అందులోంచి S తీసేస్తే మధ్య పదాలన్నీ కొట్టివేతకు గురై rS = (1+r)^n - 1 మిగులుతుంది. అంటే:

```
E = P r (1+r)^n / ((1+r)^n - 1)
```

ఇక్కడ 1.0075^240 = 6.00915. కాబట్టి E = 22,500 × 6.00915 / 5.00915 = రూ.26,991.78.

ఇప్పుడు సూత్రాన్ని పక్కనపెట్టి పట్టిక వేద్దాం. వడ్డీ అంటే పాత బాకీ × 0.0075, వాయిదాలో మిగిలింది అసలుకు జమ.

```
నెల   వడ్డీ        అసలు       బాకీ
1    22,500.00   4,491.78   29,95,508.22
2    22,466.31   4,525.47   29,90,982.75
3    22,432.37   4,559.41   29,86,423.34
```

240 వరుసలూ చేత్తో వేసే ఓపిక ఎవరికుంటుంది? అసలు గడిలోని అంకెలే దారి చూపిస్తున్నాయి. ఈ నెల అసలుకు ఎంత జమ పడితే, వచ్చే నెల వడ్డీ దానికి r రెట్లు తగ్గుతుంది. వాయిదా మారదు కనుక ఆ తగ్గిందంతా అసలుకే చేరుతుంది. అందుకే 4,491.78 × 1.0075 = 4,525.47. ఇదీ గుణశ్రేఢే. 240 పదాలు కూడితే:

```
4491.7787 × (6.0091515 - 1) / 0.0075 ≈ 30,00,000
```

తీసుకున్న అప్పు రూపాయి తేడా లేకుండా తేలింది. ఈ శ్రేఢితోనే మరో సంగతి కూడా తెలుస్తుంది: బాకీ సగానికి దిగేది 168వ నెలలో, అంటే పదో ఏడు కాదు, పద్నాలుగో ఏడు చివర. వాయిదాలో వడ్డీని అసలు దాటేదే 149వ నెలలో. మొత్తం వడ్డీ రూ.34.78 లక్షలు, అప్పుకంటే ఎక్కువే.

వాయిదాను రూ.26,992గా సవరిస్తే నెలకు 22 పైసలు ఎక్కువ కట్టినట్టు. వడ్డీతో కలిపి అవి 240 నెలలకు దాదాపు రూ.148 అవుతాయి. చివరి వాయిదా రూ.26,844 దగ్గర ఆగేది అందుకే.