వేరుశనగ ఆకుల మీద నల్లమచ్చలు: ఫోటో లేదు, మాటల్లో రాస్తున్నాను

మేడమ్, నమస్కారం. మొన్న నేను పెట్టిన ఫోటోలో మా పిల్లాడి ముఖం కూడా పడిందని దాన్ని తీసేశారు. మళ్ళీ తీద్దామంటే ఫోన్ కెమెరా మసకగా వస్తోంది. అందుకే పొద్దున్నే చేలో కూర్చుని, ఆకు చేతిలో పెట్టుకుని చూసింది చూసినట్టు రాస్తున్నాను.

వేరుశనగ వేసి 58 రోజులైంది, ఊడలు దిగుతున్నాయి. మొత్తం రెండెకరాలు. పోయినేడు కూడా ఇదే చేలో వేరుశనగే. విత్తనశుద్ధి చేయలేదు, అది నా తప్పే.

మచ్చలు గుండ్రంగా ఉన్నాయి. చిన్నవి ఆవగింజంత, పెద్దవి పెసరగింజంత. పైనుంచి చూస్తే ముదురు గోధుమ రంగు, ఆకు తిప్పి చూస్తే బొగ్గులా నల్లగా ఉంది. చాలా మచ్చలకు చుట్టూ పసుపు వలయం లేదు, ఉన్న కొన్నింటికీ దారమంత సన్నగా ఉంది. అడుగు వైపు మచ్చ మీద వేలితో రాస్తే గరుకుగా తగులుతోంది. తెల్లటి తువ్వాలుతో తుడిచి చూశాను, ఎర్రపొడి అంటలేదు. కాబట్టి కుంకుమ తెగులు కాదనుకుంటున్నాను. బాగా పట్టిన ఒక ఆకు తీసుకుని నాలుగు రెక్కల మీదా లెక్కపెడితే 34 మచ్చలున్నాయి. ఆకు అంచులు మాత్రం మాడలేదు, పురుగు కొరికిన గుర్తులు లేవు.

12 రోజుల క్రితం పల్లం వైపు, నీళ్ళు నిలిచే మూలలో మొదట కనిపించింది. నేలకు దగ్గరగా ఉన్న ముదురు ఆకులకే ముందు పట్టింది. ఇప్పుడు మొక్కలో సగం ఎత్తు దాకా ఎక్కింది, చివర నాలుగైదు ఆకులు శుభ్రంగా ఉన్నాయి. కాడల మీద, కాండం మీద కోలగా మచ్చలు మొదలయ్యాయి. పట్టిన ఆకులు పసుపు తిరిగి రాలుతున్నాయి, మొక్క అడుగున పరుపులా పడి ఉన్నాయి. అరెకరం మేర ఎక్కువగా ఉంది. మెరక వైపు మొక్కకు ఒకటీ రెండూ మచ్చలే. వారంగా తుంపర పడుతోంది, ఉదయం తొమ్మిదైనా ఆకు తడి ఆరడం లేదు.

ఎనిమిది రోజుల క్రితం మాంకోజెబ్ లీటరు నీటికి 2.5 గ్రాముల లెక్కన కొట్టాను. రెండు గంటల్లోనే వాన పడింది. మళ్ళీ ఏమీ కొట్టలేదు.

అడుగున నలుపు, గరుకు చూస్తే ఇది ఆలస్యంగా వచ్చే తిక్క ఆకుమచ్చ అని నా అనుమానం. మీరేమంటారు? మాంకోజెబ్‌తోనే ఇంకోసారి ప్రయత్నించాలా, టెబుకొనజోల్ లాంటిది వాడాలా? పట్టిన అరెకరానికి కొడితే చాలా, మొత్తం చేనుకు కొట్టాలా? పంట తీశాక కట్టెను పశువులకు వేస్తాను కాబట్టి మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగాలో తప్పకుండా చెప్పండి, అసలు టెన్షన్ అదే.

రేపు సాయంత్రం వాన లేకపోతే కొట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఇంకేదైనా చూసి చెప్పమంటే పొద్దున్నే చేలోకి వెళ్ళి చూసి రాస్తాను.