మొదటి ప్రపంచ యుద్ధం: ఆ 37 రోజులు

1914 జూన్ 28, ఆదివారం, ఆస్ట్రియా పాలనలోని బోస్నియా రాజధాని సారాయెవో. డ్రైవరు పొరపాటున పక్క వీధిలోకి మలిపాడు. కారు ఆగింది. ఎదురుగా పందొమ్మిదేళ్ల సెర్బు జాతీయవాది గావ్రిలో ప్రిన్సిప్. రెండు గుళ్లు, ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, భార్య సోఫీ చనిపోయారు.

ఇక్కడ ఆగుదాం. యుద్ధం ఆ గుళ్ల వల్లే వచ్చిందా? అలాగైతే మర్నాడే మొదలవ్వాలి. హత్య వెనుక సెర్బియా ఉందంటూ ఆస్ట్రియా దానిపై యుద్ధం ప్రకటించింది జులై 28న, సరిగ్గా నెలకు. ఈ నెల రోజుల్లోనే అసలు కథంతా ఉంది.

జులై మొదటి వారంలో జర్మనీ ఆస్ట్రియాకు షరతుల్లేని భరోసా ఇచ్చింది. నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన నిర్ణయం అదే. కూటములు, బాల్కన్ జాతీయవాదం, ఆయుధపోటీ అంతకుముందూ ఉన్నాయి. 1912, 13 బాల్కన్ యుద్ధాలు మాత్రం యూరప్ అంతా పాకలేదు. కాబట్టి పరీక్షలో కారణాల పేర్లు రాసి వదిలెయ్యకండి, ఈసారే ఎందుకు అంటుకుందో చెప్పండి.

సైన్యాలు కదిలేది రైళ్లలోనే, ఆ రైలు టైంటేబుళ్లు చూడండి. సెర్బియాకు అండగా రష్యా సైన్యాన్ని సమీకరించగానే జర్మనీకి తొందర పట్టుకుంది: దాని పథకం ప్రకారం ముందు బెల్జియం మీదుగా రష్యా మిత్రదేశం ఫ్రాన్సును కొట్టాలి, ఆ తర్వాతే రష్యా వైపు తిరగాలి. ఆగస్టు 4న బెల్జియంలోకి దిగింది. ఆ రాత్రే బ్రిటన్ కూడా యుద్ధంలోకి వచ్చింది.