బూరె టీకాల చీటీ: కార్డుతో పాటు ఫ్రిజ్ మీద అంటించుకోండి

కుక్కపిల్ల: బూరె, ఆడది, నాటు జాతి, గోధుమ రంగు
పుట్టిన తేదీ: 5 ఆగస్టు 2025 (సింగ్ నగర్‌లో మీ మెట్ల కిందే)
తల్లి: వీధి కుక్క, టీకాలు వేసిన దాఖలా లేదు
ఈ రోజు బరువు: 3 కిలోల 100 గ్రాములు

30 సెప్టెంబర్ 2025, 8 వారాలు: కంబైన్డ్ టీకా, లెప్టోతో కలిపి, మొదటి డోసు. వేశాం.
28 అక్టోబర్, 12 వారాలు: కంబైన్డ్ రెండో డోసు, లెప్టో రెండో డోసు, రేబిస్ మొదటిది.
25 నవంబర్, 16 వారాలు: కంబైన్డ్ మూడో డోసు, రేబిస్ రెండోది.
3 ఫిబ్రవరి 2026, ఆరు నెలలు: కంబైన్డ్ ఇంకొక్కసారి.

అన్నీ మంగళవారాలే పడ్డాయి. మంగళవారం పట్టింపు ఉంటే బుధవారం రండి, ఏం కాదు. రెండు మూడు రోజులు ఆలస్యమైనా కంగారు పడక్కర్లేదు. నెలలు దాటిపోతేనే చిక్కు.

అమ్మా, మీరు వెళ్తూ వెళ్తూ అడిగారు కదా, "ఒకే మందు ఇన్నిసార్లు ఎందుకండీ?" అని. అక్కడ జనం ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. అసలు సంగతి అదే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బూరె పుట్టిన మొదటి రోజు తాగిన ముర్రుపాలలో తల్లి రక్షణ కొంత దానికి వచ్చింది. తల్లికి టీకాలు పడకపోయినా, వీధిలో తిరిగి ఏ జబ్బయినా తట్టుకుని బతికి ఉంటే ఆ రక్షణ గట్టిగానే ఉంటుంది. మంచిదే. కానీ అదే రక్షణ మేం వేసే టీకాను కూడా శత్రువు అనుకుని చంపేస్తుంది. అంటే సూది పడుతుంది, కార్డులో స్టిక్కర్ పడుతుంది, లోపల మాత్రం ఏమీ జరగదు. తల్లి రక్షణ కొన్ని పిల్లల్లో ఎనిమిది వారాలకే పోతుంది, కొన్నింటిలో పదహారు వారాల దాకా ఉంటుంది. బూరెలో ఎప్పుడు పోతుందో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే అది పోయిన వెంటనే మన టీకా అక్కడ ఉండేలా వరసగా వేసుకుంటూ వెళ్తాం. కాబట్టి మూడోది "బూస్టరే కదా" అని వదిలేయకండి. చాలా పిల్లల్లో సరిగ్గా పట్టేది ఆ పదహారు వారాల డోసే. ఫిబ్రవరిలోది, మూడోది కూడా పట్టని ఒకటీ అరా పిల్లల కోసం. రెండు డోసులు వేయించి, హుషారుగా ఉంది కదా అని మానేసిన పిల్లలే నాలుగో నెలలో పార్వోతో ఎక్కువగా మా టేబుల్ మీదికి వస్తాయి.

మీ బాబు దగ్గరగా వచ్చి చూసినవి రెండు సీసాలు. ఒకదాని అడుగున చిన్న బిళ్లలా ఎండిన మందు ఉంటుంది. డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ వైరస్‌లు బలహీనం చేసి అందులో పెడతారు. రెండో సీసాలోని నీళ్లలాంటిది లెప్టో టీకా. దాన్ని సిరంజితో లాగి మొదటి సీసాలోకి వదిలి, కరిగాక భుజం దగ్గర చర్మం కిందికి ఎక్కించాం. ఈ మందు తయారైన దగ్గర్నుంచి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందుకే ఎవరో తక్కువకి ఇస్తారని బయట కొని, సంచిలో వేసుకుని ఎండలో తెస్తే నేను వేయను.

ఇక ఏది దేన్ని ఆపుతుందంటే.

పార్వో. పిల్లలకి మొదటి యముడు ఇదే. పేగు లోపలి పొరను, ఎముకల్లోని మజ్జను కొడుతుంది. మొదట తిండి మానేస్తుంది, తర్వాత వాంతులు, ఆ తర్వాత నెత్తురు విరేచనాలు. ఆ వాసన ఒకసారి చూస్తే మర్చిపోలేరు. వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్ పెట్టి, ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకుంటూ నిలబెట్టుకోవాలి. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులతో ఇంట్లోకి వస్తుంది. ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగ్‌కే లొంగుతుంది. బయట చెప్పులు గుమ్మం బయటే విడవండి.

డిస్టెంపర్. జలుబులా మొదలవుతుంది: కళ్లకి పుసి, ముక్కు కారడం, జ్వరం. తగ్గింది అనుకున్నాక కొన్ని వారాలకి మెదడుకి ఎక్కి ఫిట్స్ వస్తాయి. బతికి బయటపడ్డ వాటిలో కొన్నింటికి కాలో దవడో జీవితాంతం అదురుతూనే ఉంటుంది.

హెపటైటిస్. కుక్కల అడినోవైరస్ వల్ల కాలేయం దెబ్బతింటుంది. కోలుకునేటప్పుడు కన్ను నీలంగా మబ్బు కమ్మినట్టు అవుతుంది. టీకాల వల్ల ఇప్పుడు చాలా తగ్గింది.

లెప్టో. ఇది బ్యాక్టీరియా. ఎలుకల మూత్రంతో నిలవ నీళ్లలో కలుస్తుంది, కాలి పగుళ్లలోంచి లోపలికి పోతుంది, కిడ్నీలను, కాలేయాన్ని తింటుంది. మనుషులకీ వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు మీ వీధిలో ఎన్ని రోజులు నిలిచాయో నాకంటే మీకే బాగా తెలుసు. అందుకే మీ ఏరియా వాళ్లకి ఇది తప్పనిసరి అంటాను. రెండు డోసులు పడితేనే పనిచేస్తుంది. ఆ తర్వాత ఏటా వేయించాలి.

రేబిస్. లక్షణాలు కనిపించాక వైద్యం లేదు, కుక్కకైనా మనిషికైనా. పన్నెండు వారాలకి ముందు వేయం. మన వీధుల్లో రిస్క్ ఎక్కువ కాబట్టి నెలకి రెండోది. తర్వాత ఏటా. జూలై 6న, అంటే 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లాడికి ఈ టీకా వేసిన రోజున, ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకి ఉచితంగా వేస్తారు. డబ్బు కలిసొస్తుందని మొదటి డోసుని అంతదాకా ఆపకండి. టీకాలు పూర్తయ్యేలోపు బూరె ఆడుతూ మీ బాబుని పన్నుతో గీరినా, సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి చూపించండి. చిన్నదే కదా అని పసుపు, కారం అద్దకండి.

సూది వేసిన ఈ పూట మత్తుగా ఉంటుంది, కాస్త ఒళ్లు వెచ్చబడొచ్చు, అన్నం సగం వదిలేయొచ్చు. రేపటికి సర్దుకుంటుంది. ముఖం వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, వాంతులు ఆగకపోయినా అర్ధరాత్రైనా ఫోన్ చేయండి. మనిషికి వాడే జ్వరం బిళ్ల మాత్రం వేయకండి.

నులిపురుగుల మందు పన్నెండు వారాల దాకా పదిహేను రోజులకోసారి, తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి. ఎంత ఇవ్వాలో బరువు చూసి చెప్తాను. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌కి ఇక్కడ మేం వేసే టీకా ఏదీ లేదు, ఆ మందు వేరే మాట్లాడదాం.

డిసెంబర్ 9 దాకా, అంటే మూడో డోసు పడి రెండు వారాలయ్యే వరకు, బూరెని వీధిలో నేల మీద వదలకండి. అలాగని గదిలో పెట్టి తలుపేస్తే పిరికిదవుతుంది. భుజాన వేసుకుని ఆటోలు, బ్యాండు మేళం, గొడుగులు అన్నీ చూపించండి.

28న వచ్చేటప్పుడు కార్డు మర్చిపోకండి. బుట్టలోనో ఒళ్లోనో పెట్టుకుని రండి, మా వరండా నేల మీద దింపవద్దు. లోపల జబ్బు కుక్క ఏదైనా ఉంటే ఆటోలోనే కూర్చోండి, నేనే సిరంజి పట్టుకుని బయటికి వస్తాను.