మల్కాజిగిరి డాబా లీకేజీ: 30 సెకన్ల కస్టమర్ మాట, షూటింగ్ కాపీ

అన్నా,

మీ వాళ్లు చేసిన డాబా పని మీద మల్కాజిగిరి కస్టమర్ రాసిన, మీరు పంపిన పొడుగు రివ్యూని 30 సెకన్ల వీడియో స్క్రిప్టుగా తెచ్చాను. ముందు ఆమె రాసింది మొత్తం, ఒక్క అక్షరం దిద్దకుండా కింద పెడుతున్నాను. స్క్రిప్టులో ఏ మాట మీద అనుమానం వచ్చినా దీంతో సరిచూసుకోవచ్చు. ఎడిటర్‌కి కూడా ఈ కాపీనే పంపండి, స్క్రిప్టు ఒక్కటే కత్తిరించి పంపొద్దు.

రివ్యూ (4 స్టార్లు, సెప్టెంబర్ 2025)

మాది మల్కాజిగిరిలో జి ప్లస్ వన్ ఇల్లు. కట్టి 22 ఏండ్లయింది. నేను రిటైరైన టీచర్ని. నాలుగేండ్ల నుంచి వాన పడితే చాలు, పైన పడకగదిలో కారేది. మంచం జరిపి, బకెట్ పెట్టి పండుకునేవాళ్లం. ఇంతకుముందు ఇద్దరితోని చేయించినం. ఒకాయన సిమెంటు పాలు పోసి పోయిండు, రెండు వానలకే మళ్లీ మొదలు. ఇంకొకాయన డాబా అంతా తెల్ల రంగు లాంటిది కొట్టిండు, అది పొట్టు పొట్టు లేచిపోయింది. అందుకే ఈసారి నాకు నమ్మకం లేకుండె. మా అబ్బాయి పోరు పడలేక పిలిచిన.

సూపర్‌వైజర్ వచ్చి డాబా మీద రెండు గంటలున్నడు. బకెట్లతోని నీళ్లు పోసి ఎటు పోతున్నయో చూసిండు. లోపం స్లాబ్ నడుమ లేదమ్మా, పిట్టగోడ స్లాబ్‌ని కలిసే కాడ ఉంది అన్నడు. ఆ మాట అంతకుముందు ఎవ్వరూ చెప్పలే. 38,000 అని ఎస్టిమేట్ ఇచ్చిండ్రు. పని మొదలైనంక నీళ్ల ట్యాంకు దిమ్మె కింద కూడా పగుళ్లున్నయని ఫొటో పంపి, మమ్మల్ని అడిగినంకనే అది చేసిండ్రు. మొత్తం 44,500 అయింది. నాలుగు రోజులన్నరు, జూన్‌ల వానలు పడి ఏడు రోజులు పట్టింది. అందులో రెండు రోజులు వాన లేకున్నా రాలే, ఫోన్ మీద ఫోన్ చేస్తే వచ్చిండ్రు. పిట్టగోడ పెచ్చులు కొట్టిన చెత్త పక్కింటోళ్ల సందులో పడింది, వాళ్లు మా మీదికొచ్చిండ్రు. సూపర్‌వైజరే నిలబడి ఊడిపించిండు, అది ఒప్పుకోవాలె.

మూలలన్నిటికీ గుండ్రంగ మాలు కట్టి, ఫైబర్ జాలీ వేసి, కోటింగ్ మూడు సార్లు కొట్టిండ్రు. ఆరినంక డాబా మీద నీళ్లు కట్టి ఒక రోజంతా ఉంచి చూపించిండ్రు. ఈ ఏడు వానలు మంచిగనే కొట్టినయి. పడకగదిలో ఒక్క చుక్క పడలే. బకెట్ తీసుకపోయి బాత్రూంల పెట్టిన. కింద హాల్లో ఒక మూలకు తేమ మరక ఇంకా ఉంది. అది డాబాది కాదు, పైపుది కావచ్చు, వచ్చి చూస్తమన్నరు. ఇప్పటిదాకా రాలే. అందుకే ఒక స్టార్ తగ్గించిన. పని అయితే మంచిగ చేసిండ్రు. వచ్చే ఏడు వానలకు కూడా ఇట్లనే ఉంటే ఐదో స్టార్ ఇస్త.

స్క్రిప్టు, 30 సెకన్లు

(పైన పడకగది. ఆమె ముఖం చూపించం, గొంతు మాత్రమే. వెనక సంగీతం వద్దు.)

"వాన పడితే మా పైన పడకగదిలో కారేది. బకెట్ పెట్టుకొని పండుకునేవాళ్లం. ఇద్దరితోని చేయించినం, ఆగలే."

(డాబా. పిట్టగోడ మొదట్లో గుండ్రంగా కట్టిన మూల, దగ్గరగా.)

"వీళ్లొచ్చి రెండు గంటలు డాబా మీదనే ఉన్నరు. లోపం స్లాబ్ నడుమ లేదమ్మా, పిట్టగోడ కలిసే కాడ ఉందన్నరు."

(నీళ్ల ట్యాంకు, దాని దిమ్మె.)

"నాలుగు రోజులన్నరు, ఏడు పట్టింది. ఎస్టిమేట్ మీద ఆరున్నర వేలు ఎక్కువైంది. కానీ ఫొటో పంపి, అడిగినంకనే చేసిండ్రు."

(బాత్రూంలో నీలం బకెట్.)

"ఈ ఏడు వానలకు పడకగదిలో ఒక్క చుక్క పడలే. బకెట్ బాత్రూంల పెట్టిన."

(తెర మీద అక్షరాలు: రిటైర్డ్ టీచర్, మల్కాజిగిరి. 4 స్టార్ల రివ్యూ నుంచి, కస్టమర్ అనుమతితో. పని: జూన్ 2025. రివ్యూ: సెప్టెంబర్ 2025.)

నెమ్మదిగా మాట్లాడే మనిషి కాబట్టి ఇంతకంటే ఒక్క వాక్యం కూడా పట్టదు. నేను గడియారం పెట్టుకుని చదివి చూశాను. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకోనివ్వండి, ఎడిటింగ్‌లో ఆ ఖాళీలు నరికేస్తే రేడియో ప్రకటనలా అయిపోతుంది.

15 సెకన్లది కావాలంటే మొదటి ముక్క, చివరి ముక్క తీసుకోండి. మధ్యలో "నాలుగు రోజులన్నరు, ఏడు పట్టింది" అన్నది కూడా ఉండాలి. పిట్టగోడ మాట పోతే పోనీ.

ఇక మీరు ఫోన్‌లో అడిగినవి.

"మా ఇంట్లో ఇప్పుడు చుక్క కూడా లేదు" అని పెట్టమన్నారు. అది కుదరదు. హాల్లో మరక ఉందని ఆమే రాసింది. మీ వాళ్లు చెప్పినట్టు అది పైపుదే కావచ్చు, కానీ ఇంకా ఎవరూ చూడలేదు. 30 సెకన్లలో హాలు గురించి చెప్పకపోవడం వేరు, ఇల్లంతా బాగుందని ఆమె చేత అనిపించడం వేరు. అందుకే స్క్రిప్టులో రెండుసార్లూ "పడకగది" అనే ఉంది. డబ్బింగ్‌లో ఎవరైనా దాన్ని "ఇంట్లో" అని మారిస్తే ఆ టేకు పారేయండి. మొత్తం స్క్రిప్టులో నాకు పట్టింపు ఉన్న మాట ఇదొక్కటే అనుకోండి.

పదేళ్ల గ్యారంటీ సంగతి. ఆమె రివ్యూలో గ్యారంటీ ఊసే లేదు. ఆమె చూసింది ఒక్క వానాకాలం. మీ వారంటీ కార్డులో రాసింది ఉంటే, దాని షరతులతో సహా మీ గొంతుతో వేరే వీడియో చేద్దాం, అది మీరు నిలబడాల్సిన మాట. "ఇక జీవితంలో చూసుకోనక్కర్లేదు" అన్నది అయితే ఎవరి నోటా వద్దు. వచ్చే ఏడు చూసి ఐదో స్టార్ ఇస్తానని రాసిన మనిషి నోటి నుంచి అసలే వద్దు.

ఆలస్యం, ఎక్కువైన డబ్బు తీసేయమన్నారు. నేను ఉంచాను. అవి లేకపోతే మిగిలేది మీ పాంప్లెట్లో ఉన్న మాటలే. డాబా కారి ఇద్దరి చేతుల్లో దెబ్బతిన్నవాళ్లు మొదట అడిగేది "ఎంతన్నారు, ఎంతయింది" అనే కదా. దానికి ఆమె జవాబులోనే మీకు పనికొచ్చే వాక్యం ఉంది: ఫొటో పంపి అడిగాకే చేశారు. ఆరున్నర వేలు అని చెప్పకుండా ఆ వాక్యం చెప్పలేం, ఎందుకు అడిగారో అర్థం కాదు. "కొంచెం ఎక్కువైంది" అని మెత్తబరచలేదు. ఆమె రాసింది రెండు అంకెలు, నేను తీసివేత ఒక్కటి చేశాను.

ఏడు రోజుల దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. "వానల వల్ల ఏడు పట్టింది" అని రాస్తే మీకు హాయిగా ఉంటుంది, ఆమె కూడా వానల మాట రాసింది. కానీ వాన లేని రెండు రోజులు కూడా మీ వాళ్లు రాలేదని పక్కనే రాసింది. సగం కారణం చెప్తే మొత్తం కారణం అదే అనిపిస్తుంది. రెండూ చెప్పడానికి చోటు లేదు, అందుకని కారణం లేకుండా రోజులే ఉంచాను.

పక్కింటి సందులో చెత్త గొడవ, సిమెంటు పాలు, తెల్ల రంగు, మూడు కోటింగులు చోటు చాలక పోయాయి. నీళ్లు కట్టి చూపించిన ముక్క పోయినందుకు నాకే బాధగా ఉంది. దాన్ని ఇంకో కస్టమర్ వీడియోకి దాచుకోండి, వాళ్ల డాబాకీ అలా చేసి ఉంటేనే. ముందు చేసిన ఇద్దరినీ "మోసం చేశారు" అనాలన్నారు. ఆమె ఆ మాట అనలేదు, ఆగలేదని మాత్రమే అంది.

నాలుగు స్టార్లు నాలుగుగానే కనిపించాలి. ఐదు బొమ్మలు గీసి నాలుగింటికి రంగు వేస్తారో, అంకె వేస్తారో మీ ఇష్టం.

ఆర్టిస్టుతో చెప్పిద్దామా అన్నారు. ఆమె ఒప్పుకుంటే ఆమె గొంతే మేలు. ఒప్పుకోకపోతే ఆర్టిస్టు చదవొచ్చు, కానీ తెర మీద "కస్టమర్ రివ్యూ, చదువుతున్నది నటి" అని చదవగలిగే సైజులో, చదవగలిగినంత సేపు ఉండాలి. యాసను మాత్రం "చేశారు, అన్నారు" అని దిద్దించొద్దు.

థాంక్స్‌గా హాలు పని ఊరికే చేసిపెడతానన్నారు. హాలు వెళ్లి చూడండి, కానీ అది వస్తామని మీరిచ్చిన మాట కాబట్టి. వీడియోకి బదులుగా చేస్తే ఆ సంగతి వీడియోలోనే చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు సంగతులు మనకు తగులుతాయి. ప్రకటనలో ఎవరైనా మెచ్చుకుంటే అది వాళ్ల నిజమైన, ఇప్పటికీ నిలిచే అభిప్రాయం అయి ఉండాలి, సొంత అనుభవం లాంటి ఆధారం ఉండాలి. మెచ్చుకున్నవాళ్లకూ వ్యాపారికీ మధ్య చూసేవాళ్లు ఊహించని లావాదేవీ ఉంటే అది బయటికి చెప్పాలి. హాలు పని అయ్యాక స్టార్ పెంచమని అడగకండి. ఆమే పెంచితే అప్పుడు తెర మీద అంకె మారుద్దాం.

ఇంకోటి, ఈ వీడియోని వచ్చే జూన్‌లో మళ్లీ వదలాలనుకుంటే ఆమెకు ముందు ఫోన్ చేయండి. అప్పటికి "ఈ ఏడు వానలు" అంటే వేరే వానలు.

ఆమెకు పంపాల్సిన మెసేజ్ ఇది. మీ నంబర్ నుంచే పంపండి, నేను పంపితే ఎవరో అనుకుంటారు.

"నమస్తే మేడమ్. మీరు రాసిన రివ్యూ నుంచి 30 సెకన్ల వీడియో చేయాలనుకుంటున్నాం. స్క్రిప్టు మొత్తం కింద పంపాను. అన్నీ మీరు రాసిన సంగతులే. ఎస్టిమేట్ మీద ఎక్కువైంది ఆరున్నర వేలు అని లెక్క మాత్రం మేం కట్టాం. చోటు చాలక హాల్లో మరక సంగతి, మేం రెండు రోజులు రాకపోవడం, పక్కింటి సందులో చెత్త సంగతి ఇందులో రాలేదు. అవి లేకుండా చెప్పడం మీకు సరిగా అనిపించకపోతే చెప్పండి, మారుస్తాం. మీ పేరు, ఇల్లు బయటి నుంచి ఎలా ఉంటుందో చూపించం. మీ గొంతుతో చెప్పగలరా, లేక ఆర్టిస్టు చదవాలా? వద్దంటే వీడియో చేయం, దానికీ మీ హాలు పనికీ సంబంధం లేదు. హాలు చూడటానికి సూపర్‌వైజర్ ఈ శనివారం పొద్దున 10 గంటలకు వస్తాడు. ఆలస్యమైనందుకు క్షమించండి. వీడియో వేశాక ఎప్పుడైనా తీసేయమంటే ఈ నంబర్‌కి ఒక్క మెసేజ్ చేయండి, ఆ రోజే తీసేస్తాం."

శనివారం సూపర్‌వైజర్ ఖాళీగా ఉన్నాడో లేదో కనుక్కుని ఈ మెసేజ్ పంపండి. ఆమె సరే అని రాతలో పంపాక కెమెరా అబ్బాయికి తేదీ ఇస్తాను.