అరవై మూడు పైసలు

ఫిబ్రవరికి మెస్ సెక్రటరీ వంతు మౌనికది. 214 మంది హాజరు, పాలు, కూరగాయలు, గ్యాస్ బిల్లులు కూర్చుని లెక్కేయడానికి రెండు రాత్రుళ్లు పడతాయని సీనియర్లు ముందే భయపెట్టారు. అందుకే హాజరు ఎక్కిస్తే చాలు, బిల్లులు వాటంతటవే వచ్చేలా కొత్త షీట్ తయారు చేసుకుంది. డివైడింగ్ మెస్ కదా, నెల ఖర్చును అందరూ తిన్న మొత్తం రోజులతో భాగిస్తే రోజు రేటు వస్తుంది. ఆ రేటును ఎవరి రోజులతో గుణిస్తే వాళ్ల బిల్లు.

సరిచూసుకుందామని డిసెంబర్ లెక్క పెట్టి చూసింది. ఖర్చు 5,62,304 రూపాయలు. రోజులు 5,880. రేటు 95.63 వచ్చింది. పాత షీట్‌లో మాత్రం 95 ఉంది. ఆ సెల్ మీద నొక్కింది.

```
=INT(B40/B41)
```

పైసలు తీసేస్తున్నారు. పోయేది 63 పైసలే, కానీ 5,880 రోజులకు అది 3,704 రూపాయలు! మరి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు కనపడలేదు? నోటీసు బోర్డులో పెట్టే రిపోర్టు లక్షల్లో, ఒక్క దశాంశంతో ఉంటుంది. ఖర్చు 5.6, వసూలు 5.6, తేడా 0.0.

రేటును దగ్గరి రూపాయికి సవరించి ఉంటే ఒక నెల తగ్గినా ఇంకో నెల పెరిగేది. INT ఎప్పుడూ కిందికే కోస్తుంది. జూలై నుంచి డిసెంబర్ దాకా కలిపితే 17,412 రూపాయల లోటు తేలింది.

"మరి ఈ డబ్బు ఎవరు కడుతున్నారు సార్?" మర్నాడు ఆఫీసులో అడిగింది.

గుమస్తా వెంకటస్వామి గారు లెడ్జర్ తిరగేశారు. "పాలాయనకి బాకీ పెడతామమ్మా. మే నెలలో ఫైనల్ ఇయర్ వాళ్ల కాషన్ డిపాజిట్లోంచి సర్దుతాం."

మౌనికకి గొంతు పట్టేసింది. నిరుడు శిరీష అక్క డిపాజిట్‌లో 460 రూపాయలు 'మెస్ సర్దుబాటు' అని కోస్తే, ఎవరినీ అడగలేక ఊరికి వెళ్లిపోయింది. అందరూ తిన్న అన్నానికి, వెళ్లిపోయేవాళ్లు కట్టారు.

"రేటుని ముట్టుకోవద్దు సార్. చివర్లో ఒక్కో బిల్లునే రూపాయికి సవరిద్దాం."

```
=ROUND(B$40/B$41*C5,0)
```

"ఒక్కో బిల్లులో తేడా అర్ధ రూపాయి మించదు. 214 మందికి ఎంత తప్పినా 107 దాటదు. దాన్నీ 'గత నెల తేడా' అని బిల్లు మీదే చూపిద్దాం. బోర్డు మీద పూర్తి రూపాయలే రాద్దాం."

ఆయన కళ్లజోడు సర్దుకుని డిసెంబర్ లెక్కని కాలిక్యులేటర్ మీద రెండుసార్లు కొట్టారు. తర్వాత బీరువా తాళం తీశారు.

"వార్డెన్ మేడంకి చూపించాలంటే ఈ ఒక్క ఏడాదిది చాలదమ్మాయ్. నిరుడు డిపాజిట్ కోసినవాళ్ల లిస్టు ఇదిగో. ముందు వీళ్లకి ఎంతెంత ఇవ్వాలో లెక్క తియ్."