పరీక్షలు రాసేందుకు సెలవు కోరుతూ ప్రిన్సిపాల్ గారికి లేఖ

తేదీ: 24 నవంబరు 2025

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

విషయం: ఎం.ఎస్సీ. గణితం చివరి సంవత్సరం పరీక్షల కోసం డిసెంబరు 9, 11, 13 తేదీల్లో సెలవు మంజూరు చేయవలసిందిగా విన్నపం.

మేడమ్,

నమస్కారాలు. మన పాఠశాలలో చేరేటప్పుడే నేను దూరవిద్యలో ఎం.ఎస్సీ. చదువుతున్నట్టు మీకు తెలియజేశాను. ఆ కోర్సు చివరి పరీక్షల టైంటేబుల్ నిన్న వచ్చింది. పై మూడు రోజులూ పరీక్ష ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు. సెంటర్ దూరం కావడంతో మధ్యాహ్నం పీరియడ్లకైనా చేరుకుంటానని చెప్పలేను. అందుకే పూట సెలవు కాకుండా పూర్తి రోజు అడుగుతున్నాను. మధ్యలో వచ్చే 10, 12 తేదీల్లో మామూలుగానే బడికి వస్తాను.

పరీక్షలకు ప్రత్యేక సెలవు వర్తిస్తే అలా మంజూరు చేయండి. వర్తించకపోతే నా ఖాతాలో మిగిలిన క్యాజువల్ లీవుల్లో తగ్గించుకోండి, అభ్యంతరం లేదు.

తొమ్మిదో తరగతి పీరియడ్ల గురించి పెద్దగా బెంగ లేదు. అక్కడ పునశ్చరణ నడుస్తోంది, అభ్యాస పత్రాలు తయారుచేసి పెట్టాను. పదో తరగతి సంగతే వేరు. ఆ వారానికి త్రికోణమితి అనువర్తనాల్లో ఉంటాం. నిమ్నకోణం దగ్గర పిల్లలు ఏటా ఒకేచోట తడబడతారు: కంటి నుంచి గీసిన అడ్డగీత నుంచి కిందికి కొలవాల్సిన కోణాన్ని నిలువుగా ఉన్న గోడ నుంచి కొలుస్తారు. పటం తప్పితే ఆపైన లెక్కంతా తప్పే. అందుకని ఆ భాగం 8వ తేదీనే నేను స్వయంగా చెప్పేస్తాను. నేను లేని రోజుల్లో పటాలు గీయించడం వరకు చూసుకుంటే చాలు. ఫిజిక్స్ మాస్టారు తన ఖాళీ పీరియడ్లలో ఆ పని చూస్తానన్నారు. బదులుగా మరుసటి వారం ఆయన పీరియడ్లు రెండు నేను తీసుకుంటాను.

ఒక్క చిక్కు మాత్రం మీ నిర్ణయం మీద ఉంది. పదో తరగతి గణితం యూనిట్ టెస్ట్ 11వ తేదీన వేశాం. దాన్ని 15వ తేదీ సోమవారానికి మారిస్తే పేపరు నేనే ఇచ్చి, అక్కడే పిల్లల సందేహాలు తీర్చగలను. మార్చడం కుదరకపోతే ప్రశ్నపత్రం సీలు కవరులో 10వ తేదీ సాయంత్రమే ఆఫీసులో అందజేస్తాను. దిద్దే పని ఎలాగూ నాదే.

టెస్ట్ తేదీ మారితే పిల్లల డైరీల్లో రాయించాలి, సర్దుబాటు రిజిస్టరులోనూ ఎక్కించాలి. కనుక ఈ నెల 28వ తేదీలోపు మీ అనుమతి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

కృతజ్ఞతలతో,

భవదీయురాలు,
(సంతకం)
కె. సునీత
గణిత ఉపాధ్యాయిని, పదో తరగతి క్లాస్ టీచర్

జతపరచినవి: హాల్ టికెట్ నకలు, పరీక్షల టైంటేబుల్, పీరియడ్ల సర్దుబాటు పట్టిక (ఫిజిక్స్ మాస్టారి సంతకంతో)