మే 31 పరీక్షకు వెనక నుంచి వేసిన ప్లాన్: 16 వారాలు, 48 చాప్టర్లు

మే 25–30: కొత్తది ఏదీ ముట్టుకోవద్దు. తప్పుల నోట్‌బుక్, ఫార్ములాల పేజీలు, పరీక్ష జరిగే సమయానికే ఒక మాక్ టెస్ట్. అంతే.

మే 11–24, రెండో రివిజన్: రోజుకు 4 చాప్టర్లు, ఆదివారాలు పూర్తి పేపర్. టెక్స్ట్‌బుక్ తెరిస్తే ఈ వేగం అందదు. సొంత నోట్సే చదవాలి.

ఏప్రిల్ 13–మే 10, మొదటి రివిజన్: రోజుకు 2 చాప్టర్లు. ముందు పుస్తకం మూసి గుర్తున్నది రాయాలి, తర్వాతే తెరిచి సరిచూసుకోవాలి. వదిలేసిన పాయింట్లు ఎర్ర పెన్నుతో ఒక్క పేజీలోకి ఎక్కించాలి. రెండో రివిజన్‌కు పనికొచ్చేది ఆ పేజీయే కాబట్టి ఇక్కడ తొందరపడకూడదు.

ఏప్రిల్ 6–12: ఖాళీ వారం. జ్వరమో, పెళ్లో, మొండి చాప్టరో తినేసిన రోజులు ఇక్కడ పూడతాయి. ముందే వాడేయకండి.

ఫిబ్రవరి 9–ఏప్రిల్ 5, సిలబస్: రోజుకొక చాప్టర్, వారానికి 6, ఆదివారం ఆ ఆరింటిపై టెస్ట్. కష్టమైనవి మొదటి 5 వారాల్లోనే పెట్టండి. చివరికి నెడితే అవి రివిజన్‌ను మింగేస్తాయి.

మార్చి 8 రాత్రికి 24 పూర్తవ్వాలి. 20 లోపే ఉంటే తక్కువ మార్కులొచ్చే చాప్టర్లను ముఖ్యాంశాలకే కుదించండి. రివిజన్ తేదీలు మాత్రం జరపొద్దు.